వాక్యం చివరి చిన్న ముక్క

జర్మనీలో ఉంటున్న ఒక తెలుగు తల్లి, రెండో తరగతి కొడుకు వర్క్‌షీట్‌ను ఫొటో తీసి, జర్మన్ వచ్చిన అక్కకు పంపింది. పైన ఒక సూచన: 'ష్ట్రైషె దాస్ ఫాల్షె వోర్ట్ డుర్ష్'. అంటే 'తప్పు పదాన్ని కొట్టేయి'.

జర్మన్‌లో ఇలాంటి క్రియ రెండు ముక్కలవుతుంది. మొదటిది ముందుంటే, 'డుర్ష్' వాక్యం చివరికి పోతుంది. ఫొటో అంచు తెగి అది పోయిందా, 'ష్ట్రైషె' ఒక్కదానికి రంగు వేయమనే అర్థం కూడా ఉంది! పిల్లాడు క్రేయాన్లు తీస్తాడు. అందుకే కాగితం నాలుగు మూలలూ ఫొటోలో పడాలి.

కింద మొదటి ప్రశ్న: 'డేర్/దాస్ మేడ్‌షెన్ ష్పీల్ట్'. దీన్ని 'అమ్మాయి ఆడుకుంటోంది' అని తెలుగు చేస్తే పరీక్షించే విషయమే మాయమవుతుంది, ఎందుకంటే మనకు ఆర్టికల్స్ లేవు. అక్క సూచన ఒక్కటే తెలుగులో చెప్పి, 'మేడ్‌షెన్ అంటే అమ్మాయి' అని పదార్థం ఇచ్చి, డేర్, దాస్‌లను ముట్టుకోలేదు.

"చిన్నదనాన్ని సూచించే 'షెన్' చేరిన మాటలన్నీ నపుంసకమేగా, చెప్పేయనా అక్కా?" అంది తల్లి.

"అది అనువాదం కాదే, జవాబు" అంది అక్క.