గీత దాటిన బాణాన్ని పీకెయ్

మా వీధి ఇడ్లీ బండికి గిరాకీ పొద్దున ఏడింటికి మొదలై, ఎనిమిదిన్నరకు ముమ్మరమై, పదింటికి అయిపోతుందనుకుందాం. బండి దగ్గర రద్దీని కంప్యూటర్లో నడిపించి చూడాలంటే, వచ్చేవాళ్ల వేళల్ని కల్పించాలి. కంప్యూటర్ ఇచ్చే కాకతాళీయ సంఖ్యలేమో అన్ని వేళలకూ సమానంగా పడతాయి. మనకు కావలసింది ఎనిమిదిన్నర చుట్టూ ఎక్కువ, అంచుల్లో తక్కువ.

దీనికి జాన్ వాన్ న్యూమన్ 1951లో అచ్చయిన ఒక చిన్న వ్యాసంలో సులువైన దారి చెప్పారు. దాన్నే రిజెక్షన్ శాంప్లింగ్ అంటున్నారు.

గోడకు 180 సెంటీమీటర్ల వెడల్పు, 60 ఎత్తు ఉన్న డార్ట్ బోర్డు తగిలించండి. సెంటీమీటరుకో నిమిషం: ఎడమ అంచు ఏడు గంటలు, కుడి అంచు పది. దానిమీద గుడారంలా ఒక గీత గీయండి. అంచుల్లో ఎత్తు సున్నా, నడుమ 60. ఇక కళ్లకు గంతలు కట్టుకుని బాణాలు విసరాలి. గురి కుదిరినవాడు ఈ ఆటకు పనికిరాడు. బోర్డంతా సమానంగా పడాలి.

ఒక బాణం 30వ నిమిషం దగ్గర, 25 ఎత్తులో గుచ్చుకుంది. అక్కడ గీత ఎత్తు 20 మాత్రమే. బాణం గీతకు పైన ఉంది కాబట్టి పీకి పారేస్తాం. ఇంకొకటి 80వ నిమిషం దగ్గర, 50 ఎత్తులో. అక్కడ గీత 53 దాటింది కాబట్టి ఉంచుతాం; ఒక మనిషి 8:20కి వచ్చినట్టు రాసుకుంటాం. గీత ఎక్కడ మూడింతలు ఎత్తుగా ఉంటే అక్కడ మూడింతల బాణాలు మిగులుతాయి. ఇందులో వేరే మాయ ఏమీ లేదు.

పొరపాటు జరిగేది బాణం పీకాక. చాలామంది నిమిషాన్ని అలాగే ఉంచి, ఎత్తు మాత్రం మళ్లీ మళ్లీ తీస్తారు. అలా చేస్తే ఎప్పటికో ఒకప్పుడు గీత కిందకు వచ్చి తీరుతుంది. అంటే ఏ నిమిషమూ వృథా కాదు, అన్నీ సమానంగానే మిగులుతాయి. ఫలితాలను పట్టీలుగా గీసి చూస్తే ఏడున్నర, ఎనిమిదిన్నర ఒకే ఎత్తులో కనబడతాయి. పీకిన బాణాన్ని పూర్తిగా మరిచిపోయి, రెండు సంఖ్యలూ కొత్తగా తీయాలి.

బోర్డు 40 ఎత్తే ఉంటే ఇంకో చిక్కు: గుడారం కొన తెగి, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా గిరాకీ చదునైపోతుంది. 600 ఎత్తు పెడితే తప్పేమీ రాదు కానీ, నూటికి ఐదు బాణాలే దక్కుతాయి. మన 60 ఎత్తు బోర్డు మీద సగం దక్కుతాయి.

ఈ పద్ధతి చతికిలబడేది కొలతలు పెరిగినప్పుడు. చతురస్రంలో ఇమిడిన వృత్తంలో వందకు 78 బాణాలు పడతాయి. అదే బంతిని, పెట్టెను పది కొలతలకు పెంచితే సుమారు 400 బాణాలకు ఒక్కటి దక్కుతుంది.