కుక్కర్‌ని విప్పే బొమ్మ, కోసే బొమ్మ

కొత్త ప్రెషర్ కుక్కర్ పెట్టెలో మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. అందులోని బొమ్మలో అన్నిటికన్నా పైన వెయిట్, దాని కింద ఆవిరి గొట్టం, తర్వాత మూత, రబ్బరు గాస్కెట్, అడుగున గిన్నె ఉంటాయి. ఒకదానికొకటి తగలకుండా నిలువుగా వరసకట్టి కనిపిస్తాయి. దీన్ని ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ అంటారు. ఇది కొత్త పద్ధతేమీ కాదు. పదిహేనో శతాబ్దం చివర్లోనే లియొనార్డో డావిన్సీ, బరువులెత్తే యంత్రాన్ని బిగించి ఉన్నట్టు ఒకపక్క, విడదీసినట్టు మరోపక్క గీశాడు.

ఈ బొమ్మకు ప్రాణం వరస. ఏ భాగాన్ని చేత్తో ఎటు లాగితే ఊడుతుందో, బొమ్మలోనూ అటే జరపాలి. వెయిట్ పైకి వస్తుంది కాబట్టి పైన గీస్తారు. ఆవిరి గొట్టాన్ని చాలా కుక్కర్లలో మూత లోపలివైపు నుంచి నట్టుతో బిగిస్తారు. అంటే గొట్టం మూతకు పైన, నట్టు కింద ఉండాలి. చూడ్డానికి బాగుంటుందని రెంటినీ పైనే పెడితే, బాగుచేయబోయిన మనిషి మూత పైభాగంలో నట్టు కోసం వెతుకుతాడు. సేఫ్టీ వాల్వ్ మూత మధ్యలో ఉండదు. అందుకే దాన్ని నడిమి వరసలోకి ఇరికించరు. అది ఉండాల్సిన రంధ్రం మీదుగా విడిగా ఒక సన్నని గీత గీసి, ఆ గీత మీద నిలబెడతారు.

గీసినవాడి పనితనం తెలియాలంటే స్కేలు చాలు. ఐసోమెట్రిక్ పద్ధతిలో పైనుంచి ఏటవాలుగా చూసినట్టు గీస్తే మూత, గాస్కెట్, గిన్నె అంచు అన్నీ కోడిగుడ్డు ఆకారంలోకి మారతాయి. ఆ ఆకారం అడ్డంగా 10 సెంటీమీటర్లుంటే నిలువుగా సుమారు 5.8 ఉండాలి. పైన ఉన్న మూతకూ అడుగున ఉన్న గిన్నెకూ ఇదే లెక్క. ఒకటి సన్నగా, ఒకటి వెడల్పుగా ఉంటే మూత గిన్నె మీద కూర్చునేలా కనిపించదు. ఎక్కడ తప్పిందో చూసేవాళ్లు చెప్పలేరు గానీ, ఏదో తేడాగా ఉందనిపిస్తుంది.

ఇంత జాగ్రత్తగా గీసినా ఈ బొమ్మ ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. లోపలి మూత కుక్కర్లనే తీసుకోండి. వాటి మూతను వాల్చి గిన్నెలోకి దించి, అంచు కిందికి చేర్చి పైకి లాగుతాం. లోపలి ఆవిరి దాన్ని ఇంకా గట్టిగా అంచుకేసి అదుముతుంది. విడదీసిన బొమ్మలో మాత్రం ఆ మూత కూడా గిన్నెకు పైనే తేలుతుంటుంది. భాగాల పేర్లు, సంఖ్యలు తెలుస్తాయి, అది పనిచేసే తీరు తెలియదు.

అందుకు కోసి చూపే బొమ్మ కావాలి. పుచ్చకాయ ముక్క తీసినట్టు కుక్కర్‌లో పావు భాగం తీసేసి, కోత పడిన చోట ఏటవాలు గీతలు గీస్తారు. మరలు, నట్లు కోత దారిలో ఉన్నా వాటిని కోయరు. కోసినా వాటి లోపల చూపించేదేమీ లేదు. ఇక్కడ వచ్చే చిక్కల్లా మందంతోనే. గిన్నె వ్యాసం 20 సెంటీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. బొమ్మను 5 సెంటీమీటర్లకు కుదిస్తే గోడ ముప్పావు మిల్లీమీటరే, అంటే పెన్ను గీతంత. అందుకే తెలిసినవాళ్లు అంచు దగ్గర సున్నా చుట్టి, ఆ ఒక్క చోటును పక్కన పెద్దది చేసి చూపిస్తారు.

అసలు విషయం అక్కడే బయటపడుతుంది. విడదీసిన బొమ్మలో గాస్కెట్ ఉత్త రింగు. కోసి చూస్తే, బయటి మూత కుక్కర్లలో దానికి పెదవిలాంటి అంచు ఉంటుంది. ఆవిరి ఆ పెదవి వెనక చేరి దాన్ని లోహానికి అదుముతుంది. గాస్కెట్ గట్టిపడి పెదవి వంగడం మానేస్తే ఎంత బిగించినా పక్కలనుంచి ఆవిరి పోతుంది.

వెయిట్ సంగతీ అంతే. మన కుక్కర్లలో ఆవిరి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 1 కిలో. గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్లయితే దాని వైశాల్యం చదరపు సెంటీమీటరులో 0.07 వంతే. దాన్ని మూసి ఉంచడానికి 70 గ్రాములు చాలు. ఆ రంధ్రమే 4 మిల్లీమీటర్లయితే దాదాపు 125 గ్రాములు కావాలి. పైనుంచి చూస్తే రెండు వెయిట్లూ ఒకేలా కనిపించవచ్చు.

కాబట్టి ఒక కంపెనీ వెయిట్‌ను ఇంకో కంపెనీ కుక్కర్‌కు పెట్టకండి. పెట్టెలో వచ్చిన కాగితం దాచుకోండి. వెయిట్ గానీ గాస్కెట్ గానీ కొనాల్సి వస్తే, అందులో ఆ భాగం పక్కనున్న సంఖ్యను దుకాణంలో చూపించి అడగండి.