సగటు ధర తగ్గితే లాభం పెరిగినట్టేనా?

నెలనెలా సిప్ కట్టేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఒక అనుమానం వస్తుంది. మార్కెట్ పడినా అదే పది వేలు, ఎగిరినా అదే పది వేలు ఎందుకు కట్టాలి? చవగ్గా ఉన్నప్పుడు ఎక్కువ కొని, ప్రియమైనప్పుడు తగ్గిస్తే మేలు కదా! ఈ ఆలోచనకు ఒక లెక్క కట్టి పెట్టినాయన మైకేల్ ఎడిల్సన్. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో, 1988లో దీన్ని ఒక వ్యాసంలో వివరించి, 1991లో పుస్తకంగా తెచ్చారు. దాని పేరు వాల్యూ యావరేజింగ్.

సిప్‌లో మీరు కట్టే సొమ్ము మారదు, ఖాతా విలువ ఎంతైతే అంత. ఇందులో తిరకాసు అంతా విలువ దగ్గరే ఉంది. మొదటి నెలాఖరుకు ఖాతాలో పది వేలు ఉండాలి, రెండో నెలకు ఇరవై, మూడో నెలకు ముప్పై. ఎంత తగ్గితే అంత కట్టాలి. ఎక్కువుంటే ఆ ఎక్కువను అమ్మెయ్యాలి.

ఒక ఇండెక్స్ ఫండ్ యూనిట్ ధర అయిదు నెలలు ఇలా నడిచిందనుకుందాం: 50, 40, 50, 62.50, మళ్లీ 50. సిప్ కట్టినవారు 50,000 పెట్టి 1,010 యూనిట్లు కొంటారు. విలువ 50,500. లాభం 500.

రెండో పద్ధతిలో మొదటి నెల 10,000కు 200 యూనిట్లు వస్తాయి. రెండో నెల ధర 40కి దిగింది కాబట్టి వాటి విలువ 8,000. ఉండాల్సింది 20,000, అంటే 12,000 కట్టాలి. ఆ తర్వాత ధర కోలుకుంది గనక మూడో నెల 5,000, నాలుగో నెల 2,500 చాలు. అయిదో నెల ధర పడింది, 18,000 కావాలి. మొత్తం కట్టింది 47,500, ఖాతాలో 50,000. లాభం 2,500. సిప్‌లో యూనిట్ సగటున 49.50కి పడితే, ఇక్కడ 47.50కే పడింది. ఈ పద్ధతిని పరిచయం చేసేవాళ్లు దాదాపు అందరూ ఇలాంటి ఉదాహరణే చూపించి అక్కడితో ఆపేస్తారు.

ఇప్పుడు ధర ఒకే దిక్కుకు వెళ్లనిద్దాం: 40, 50, 60, 75, 90. లెక్క తేలిక కోసం సాగదీసిన అంకెలే, అయినా విషయం తెలుస్తుంది. సిప్‌లో 50,000 పెడితే 77,500 అవుతుంది. రెండో పద్ధతిలో నెలనెలా కట్టాల్సింది 10,000 నుంచి 7,500కు, 6,000కు, 2,500కు, చివరికి 2,000కు తగ్గిపోతుంది. మొత్తం 28,000 పెట్టి 50,000 చేసుకున్నారు. సగటు ధర 50.40, సిప్‌లో 58కి పైనే. సగటు ధరలో ఇదే గెలిచింది. శాతాల్లోనూ ఇదే గెలిచింది. కానీ పెట్టకుండా మిగిలిన 22,000 కలుపుకున్నా చేతిలో ఉన్నది 72,000. సిప్ వాళ్ల కంటే 5,500 తక్కువ!

సగటు ధర అనే అంకె మనల్ని మోసం చేసేది ఇక్కడే. పెరుగుతున్నప్పుడు కొనడం తగ్గిస్తే సగటు దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గుదల కోసం వదులుకున్న లాభం మాత్రం ఏ స్టేట్‌మెంట్లోనూ కనిపించదు. యాప్‌లు చూపించే XIRR లోనూ ఇదే చిక్కు. కట్టే సొమ్ము అంతకుముందు వచ్చిన రాబడిని బట్టి మారుతుంటే, ఆ శాతం అసలు కంటే మెరుగ్గా కనిపిస్తుందని లండన్‌లోని అప్పటి కాస్ బిజినెస్ స్కూల్ అధ్యాపకుడు సైమన్ హేలీ లెక్కగట్టి చూపించారు. ధర పెరగడం, తగ్గడం బొమ్మాబొరుసులా నడిచే మార్కెట్‌ను ఊహించుకోండి. అందులో ఏ రోజు పెట్టిన రూపాయికైనా ఆశించగలిగే లాభం సున్నా. ఏ నెల ఎంత పెట్టాలో చెప్పే సూత్రం ఏదైనా ఆ సున్నాను మార్చలేదు. అయినా అక్కడ కూడా వాల్యూ యావరేజింగ్ రాబడి శాతం సగటున సిప్ కంటే బాగానే కనిపిస్తుంది. ఎన్నో పోలికల్లో ఈ పద్ధతి గెలవడానికి సగం కారణం కొలబద్దే.

అలాగని గెలుపు ఎప్పుడూ ఉత్తుత్తిదే అనడం లేదు. పడి లేచి, లేచి పడి, మొదలుపెట్టిన చోటికే వచ్చే మార్కెట్‌లో లాభం నిజంగానే ఎక్కువ. మన మొదటి ఉదాహరణ అదే. కానీ రాబోయే పదేళ్లు అలా ఊగిసలాడతాయో, ఎగబాకుతాయో ముందే తెలిస్తే ఈ పద్ధతులతో పనేముంది?

లెక్క ఇలా ఉంటే, ఆచరణలో ఇంకో బరువుంది. నెలకు పది వేల చొప్పున పదేళ్లయ్యాక ఖాతాలో 12 లక్షలు ఉండాలి. 2020 జనవరిలో నిఫ్టీ 12,362 దగ్గర ముగిసింది. మార్చి 23న 7,610. అంటే 38 శాతం పతనం. ఆ 12 లక్షల్లో 4.6 లక్షలు కరిగిపోతాయి. సూత్రం ప్రకారం ఆ లోటంతా మీరే పూడ్చాలి. నెలకు పది వేలు మిగిల్చే జీతగాడు, అదీ లాక్‌డౌన్‌లో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని వారాల్లో, నాలుగున్నర లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడు?

అందుకే ఈ పద్ధతికి పక్కన ఒక లిక్విడ్ ఫండో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో తప్పనిసరి. ఆ డబ్బు మీద వచ్చే తక్కువ రాబడిని కూడా కలిపి చూస్తేనే అసలు ఫలితం తెలుస్తుంది. కట్టేదానికి నెలకు ఇరవై వేలని పరిమితి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. తెలివైన పనే. కాకపోతే అసలైన పతనంలో ఎక్కువ కొనాలన్న ఉద్దేశం అక్కడే ఆగిపోతుంది.

ఎదురు దిక్కులోనూ చిక్కే. పది లక్షలు దాటిన ఖాతా మంచి నెలలో ఒక్క శాతం పెరిగినా పది వేలు దాటేస్తుంది. అంటే కట్టడం పోయి అమ్మడం మొదలవుతుంది. ఇది రాకుండా ఉండాలంటే లక్ష్యాన్ని కూడా ఏటేటా కొంత శాతంతో పెంచుకుంటూ పోవాలని ఎడిల్సనే చెప్పారు. ఆ శాతం మన ఊహే. ఎక్కువ ఊహిస్తే జేబుకు మించి కట్టాలి, తక్కువ ఊహిస్తే అమ్ముతూ కూర్చోవాలి. ఈక్విటీ ఫండ్‌లో అమ్మితే చాలా పథకాల్లో ఏడాది లోపు యూనిట్లకు ఎగ్జిట్ లోడ్ ఉంటుంది. 2024 జులై 23 నుంచి ఏడాది లోపు లాభం మీద 20 శాతం, ఏడాది దాటితే 1.25 లక్షలకు మించిన లాభం మీద 12.5 శాతం పన్ను. మిగులున్న నెలలో అమ్మకుండా ఊరుకోవడం అందుకే మేలు.

ఇక శ్రమ. సిప్‌కు బ్యాంకులో ఒకసారి మాండేట్ ఇస్తే చాలు. ఇక్కడ నెలనెలా ధర చూసి, లోటు లెక్కేసి, కట్‌ఆఫ్ సమయం లోపు డబ్బు పంపాలి. అరగంట పనే, అది పెద్ద కష్టం కాదు. అసలు కష్టం ఎక్కువ కట్టమని కాగితం చెప్పే నెలలోనే టీవీలన్నీ ఎర్రగా కనిపించడం. మాండేట్‌కు భయం ఉండదు, మనిషికి ఉంటుంది. ఆ ఒక్క నెల ‘వచ్చే నెల చూద్దాంలే’ అనుకున్నవారికి ఈ పద్ధతిలో ఉన్న కాస్త లాభం కూడా దక్కదు.

నెలజీతం నుంచే మదుపు చేసేవాళ్లకు ఇది పడ్డ పాటుకు తగిన ఫలితం ఇవ్వదని నా అభిప్రాయం. భూమి అమ్మిన సొమ్మో, రిటైర్మెంట్ డబ్బో ఇప్పటికే లిక్విడ్ ఫండ్‌లో ఉండి, దాన్ని రెండు మూడేళ్లలో ఈక్విటీలోకి మార్చాలనుకునేవాళ్ల సంగతి వేరు. పక్క నిధి వాళ్లకు ఎలాగూ ఉంది, గడువు చిన్నది కాబట్టి లోటు కొండలా పెరగదు. అలాంటివాళ్లు ప్రయత్నించదలిస్తే ఎక్సెల్‌లో రెండు వరుసలు చాలు. రెండింటికీ మొదట ఒకే మొత్తం ఇవ్వండి. ఒకదాంట్లో సమాన వాయిదాలు, రెండోదాంట్లో లోటును బట్టి వాయిదాలు. గడువు తీరాక సగటు ధరను, XIRRను పక్కన పెట్టి, ఈక్విటీ విలువా లిక్విడ్ ఫండ్‌లో మిగిలిన సొమ్మూ కలిపి, పన్ను పోను, ఎన్ని రూపాయలున్నాయో మాత్రం పోల్చండి.