గడువులకే మోగే ఫోన్

సెమిస్టర్‌కు రెండు మిడ్ పరీక్షలు, మధ్యలో ప్రతి సబ్జెక్టులోనూ అసైన్‌మెంట్లు. తిరుపతి, చిత్తూరు వైపు జేఎన్‌టీయూ అనంతపురం అనుబంధ కాలేజీల్లో చదివే పిల్లల లెక్క ఇది. ఆరు సబ్జెక్టులూ గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఉంటే ఫోన్ ఊరికే మోగుతూ ఉంటుంది. విసుగొచ్చి పిల్లలు అన్నీ ఆపేస్తారు. దాంతో గడువు సంగతీ తెలియకుండా పోతుంది.

యాప్‌లో ఎడమవైపు పైనున్న మూడు గీతలు నొక్కి Settings లోకి, అక్కడినుంచి Notifications లోకి వెళ్లండి. Due-date reminders for your work తప్పక ఆన్‌లో ఉండాలి. Work and other posts from teachers కూడా ఉంచండి. ఇందులో ఒక చిక్కుంది: అసైన్‌మెంటూ, మామూలు ప్రకటనా రెండూ ఈ ఒక్క మీటలోనే ఉన్నాయి, విడదీయలేం. అందుకే చప్పుడు తగ్గించడానికి కామెంట్లకు సంబంధించినవి ఆపండి, టీచర్ మీ పనిమీద విడిగా రాసేదాన్ని మాత్రం ఆన్‌లోనే ఉంచండి. కిందనే క్లాసుల జాబితా ఉంటుంది. పోయిన సెమిస్టర్‌వి, క్లబ్బులవి అక్కడ ఆపేయవచ్చు. కాలేజీ ఈమెయిల్‌తోనూ సొంత ఈమెయిల్‌తోనూ క్లాసుల్లో చేరినవాళ్లు రెండింటిలోనూ ఇలా సరిచూసుకోవాలి.

శ్రీకాళహస్తి నుంచి రోజూ తిరుపతికి బస్సులో వచ్చే విద్యార్థిని అనుకుందాం. టీచర్ శుక్రవారం గడువు పెట్టి సమయం రాయకపోతే యాప్ దాన్ని రాత్రి 11:59గా తీసుకుంటుంది. గుర్తుచేసే సందేశం సుమారు ఒక రోజు ముందు వస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. అసలు ఇబ్బంది పరీక్షతో. ‘సోమవారం 10 గంటలకు మిడ్’ అని టీచర్ ప్రకటనగా రాస్తే దానికి గడువు తేదీ ఉండదు, కాబట్టి మళ్లీ గుర్తుచేయదు. ప్రకటన పెట్టినప్పుడు ఒకసారి మోగి ఊరుకుంటుంది.

ఆ ప్రకటన చూసిన వెంటనే ఫోన్ క్యాలెండర్‌లో + నొక్కి సోమవారం 10 గంటలకు ఆ పరీక్ష పేరు రాయాలి. దానికి రెండు హెచ్చరికలు పెట్టాలి: ఒకటి ముందురోజుకు, ఇంకొకటి మూడు గంటల ముందుకు. రెండోది పొద్దున ఏడుకు మోగుతుంది, బస్సు అందుకోవడానికి సమయం ఉంటుంది. క్లాస్‌రూమ్ సందేశానికి నెట్ కావాలి. క్యాలెండర్ హెచ్చరిక ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి దారిలో సిగ్నల్ పోయినా మోగుతుంది.

యాప్ తెరిచినప్పుడే పాత సందేశాలన్నీ గుంపుగా వస్తున్నాయంటే, బహుశా బ్యాటరీ పొదుపు కోసం ఫోన్ యాప్‌ను నిద్రపుచ్చుతోంది. ఫోన్ సెట్టింగుల్లో క్లాస్‌రూమ్ యాప్ బ్యాటరీ పేజీకి వెళ్లి ఆ నియంత్రణ తీసేయండి.

టీచర్లకు ఒక మనవి. పరీక్ష తేదీని ప్రకటనగా కాక, తేదీ, సమయం వేసిన అసైన్‌మెంట్‌గా పెట్టండి. అప్పుడు అది క్లాసు క్యాలెండర్‌లో తనంతట తానే చేరుతుంది, ముందురోజు పిల్లలకు గుర్తుచేసే సందేశమూ వెళ్తుంది.