ముందు పాస్, ఆ తర్వాతే బిరుదు

శనివారం మధ్యాహ్నం పరీక్షా కేంద్రం మెట్ల మీద నుంచే మా టీమ్ సహోద్యోగి ఫోన్ చేశారు. "అన్నా, వచ్చేసింది!" అన్నది ఒక్కటే మాట. సైబర్ భద్రత రంగంలో కష్టమైన పరీక్షగా పేరున్న సీఐఎస్‌ఎస్‌పీ పాసయ్యారావిడ. పగలంతా మా దగ్గర ఉద్యోగం చేస్తూ, తెల్లవారుజామున ఐదింటికి లేచి ఏడు నెలలు చదివారు. సంతోషం పట్టలేక వెంటనే టీమ్ ఛానెల్‌లో రాసేశాను: "మన టీమ్‌లో తొలి సీఐఎస్‌ఎస్‌పీ! స్కోరెంతో, ఏమేం ప్రశ్నలొచ్చాయో ఆవిడనే అడగండి."

అరగంటకి మళ్లీ ఫోనొచ్చింది. "అన్నా, ఏమనుకోకండి, అది తీసేయండి." ఎందుకో ఆవిడ వివరంగా చెబుతుంటే, నేను రాసిన రెండు వాక్యాల్లో మూడు తప్పులున్నాయని అర్థమైంది.

మొదటిది, ఆ రోజుకి ఆవిడ ఇంకా సీఐఎస్‌ఎస్‌పీ కాలేదు. కేంద్రంలో చేతికిచ్చిన కాగితం మీద ఉన్నది తాత్కాలిక ఫలితం. ఈ సర్టిఫికేషన్ ఇచ్చే ఐఎస్‌సీ2 సంస్థ పరీక్షతో పాటు అనుభవాన్నీ చూస్తుంది. మొత్తం ఎనిమిది విభాగాల్లో కనీసం రెండింటిలో అయిదేళ్లు జీతానికి పనిచేసి ఉండాలి. తగిన డిగ్రీ ఉంటే అందులో ఒక ఏడాది తగ్గిస్తారు. ఆ అనుభవం నిజమేనని ఇప్పటికే ఐఎస్‌సీ2 సర్టిఫికేషన్ ఉన్న వ్యక్తి ఒకరు గానీ, అలాంటివారు తెలియకపోతే ఆ సంస్థే గానీ ధ్రువీకరించాలి. పాసైన తొమ్మిది నెలల్లోగా ఇదంతా పూర్తి కావాలి. దరఖాస్తుకు ఆమోదం వచ్చేదాకా పేరు పక్కన ఆ అక్షరాలు పెట్టుకోకూడదు. మనం అభిమానంతో తగిలించినా ఇబ్బంది పడేది వాళ్లే.

రెండోది స్కోరు. వెయ్యికి ఏడు వందలు వస్తే పాస్, కానీ పాసైనవారికి ఎన్ని వచ్చాయో చెప్పరు. ఏ విభాగంలో వెనకబడ్డారన్న వివరం ఫెయిలైనవారికి మాత్రమే ఇస్తారు. పైగా ఈ పరీక్ష అందరికీ ఒకే ప్రశ్నపత్రంతో జరిగేది కాదు. మూడు గంటల్లో వంద నుంచి నూట యాభై ప్రశ్నలుంటాయి. ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న ఎంత కష్టంగా ఉండాలో కంప్యూటరే ఎంచుకుంటుంది. వెనక్కి వెళ్లి జవాబు దిద్దుకునే వీలుండదు. అభ్యర్థి స్థాయి తేలిపోయిందనుకుంటే వందో ప్రశ్నకే ఆపేస్తుంది. "వందకే ఆగిపోయింది, ఏమైందో ఏమో అని కాగితం తెరిచేదాకా చేతులు వణికాయి" అన్నారావిడ. నిజమే, అలా ఆగడం పాస్‌కీ గుర్తు కావచ్చు, ఫెయిల్‌కీ కావచ్చు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. నలుగురి ముందు "ఏమొచ్చాయి" అని అడిగించడమంటే ఆ మాట తప్పమని ఒత్తిడి పెట్టడమే.

ఆ పోస్టు తీసేశాను. ఈసారి ఆవిడని అడిగి, ఒప్పుకున్నవే రాశాను. ఎన్నో ప్రయత్నమో మాత్రం రాయలేదు. ఒకసారి తప్పితే ముప్పై రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు. ఆ సంగతి చెప్పుకోవాలో వద్దో వాళ్లిష్టం. పేరు తీసేసి ఆ సందేశం ఇక్కడ ఇస్తున్నాను:

"అందరికీ ఒక శుభవార్త. మన సహోద్యోగి ఈ రోజు సీఐఎస్‌ఎస్‌పీ పరీక్ష పాసయ్యారు. ధ్రువీకరణ ప్రక్రియ ఇంకా ఉంది, అది కాగానే మళ్లీ చెబుతాను. నెట్‌వర్క్ పనిలో ఉన్న ఆవిడకి సాఫ్ట్‌వేర్ అభివృద్ధి భద్రత విభాగం పూర్తిగా కొత్త. దాన్ని మొదటి నుంచి నేర్చుకున్నారు. మార్చిలో సర్వర్లు పడిపోయిన రాత్రి రెండింటిదాకా మనతోనే ఉండి, పొద్దున ఐదింటికి మళ్లీ పుస్తకం తెరిచారు. చివరి రెండు వారాలు ఆవిడ రాత్రి డ్యూటీలు తీసుకున్న ఇద్దరికీ ఆవిడ తరఫున నా కృతజ్ఞతలు. సోమవారం ఆవిడకి సెలవు, దయచేసి ఎవరూ ఫోన్ చేయకండి."

డ్యూటీలు మార్చుకున్నవారి ప్రస్తావన ఆవిడ పట్టుబట్టి పెట్టించిందే. సర్వర్ల రాత్రి సంగతి నేను చేర్చాను. "చాలా కష్టపడ్డారు" అని ఎవరి గురించైనా రాసేయొచ్చు. ఆ రాత్రి ఆ గదిలో ఉన్న ఏడుగురికి మాత్రం రెండింటికీ ఐదింటికీ మధ్య ఉన్న మూడు గంటలు ఎలాంటివో తెలుసు. కింద వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఆ రాత్రి గురించే.

కొన్ని వారాలకి ఆమోదం ఈమెయిల్ వచ్చింది. ఆ పూట ఛానెల్‌లో ఆవిడ పేరు రాసి, పక్కన కామా పెట్టి, ఆ అక్షరాలు చేర్చాను.