తొందర ఎవరిది? పర్ప్ చార్టు కింద నడిచే డెల్టా గీత

బిట్‌కాయిన్ ధర పెరిగిన రోజున ‘ఇవాళ కొనేవాళ్లు ఎక్కువయ్యారు’ అంటుంటారు. లెక్క ప్రకారం అది కుదరని మాట. ఒక కాయిన్ చేతులు మారిందంటే ఒకరు కొన్నారు, మరొకరు అమ్మారు. పది వేల కాయిన్లు కొన్నారంటే సరిగ్గా పది వేలు అమ్ముడుపోయాయి. మరి ధర ఎందుకు కదిలినట్టు? ఆ ఇద్దరిలో తొందరపడింది ఎవరో చూస్తే సంగతి తెలుస్తుంది. ఆ తొందరను కూడుతూ, తీసేస్తూ చార్టు అడుగున గీసే గీత పేరు క్యుములేటివ్ వాల్యూమ్ డెల్టా. ట్రేడర్లు పొట్టిగా సీవీడీ అంటారు.

ఎక్స్ఛేంజ్‌లో ఆర్డర్ బుక్ అనేది ఒకటి ఉంటుంది. ‘నాకు ఈ ధరే కావాలి, వచ్చేదాకా ఆగుతాను’ అనేవాళ్లు లిమిట్ ఆర్డర్ పెట్టి అందులో కూర్చుంటారు. ‘ఎంతకైనా సరే, ఇప్పుడే కావాలి’ అనేవాళ్లు మార్కెట్ ఆర్డర్ కొట్టి, కూర్చున్నవాళ్ల దగ్గర ఉన్నది తీసుకుపోతారు. మొదటివాళ్లు మేకర్లు, రెండోవాళ్లు టేకర్లు. డెల్టా లెక్కలోకి వచ్చేది టేకర్ల పక్షం ఒక్కటే. టేకర్ కొంటే ప్లస్, టేకర్ అమ్మితే మైనస్.

చిన్న లెక్క చేద్దాం. అంకెలు అర్థం కావడానికి అనుకున్నవే. లక్ష డాలర్ల దగ్గర 5 బిట్‌కాయిన్లు, దానికి పది డాలర్ల పైన మరో 8 అమ్మకానికి ఉన్నాయి. ఒకాయన 10 కాయిన్లకు మార్కెట్ ఆర్డర్ కొట్టాడు. లక్ష దగ్గరి 5 అయిపోయాయి, మిగిలిన 5 పై మెట్టులో దొరికాయి. ధర 1,00,010కి చేరింది, డెల్టా ప్లస్ 10. కాసేపటికి మరొకరు 4 కాయిన్లు మార్కెట్ ఆర్డర్‌తో అమ్మేశారు. డెల్టా మైనస్ 4. మొత్తం వాల్యూమ్ 14, సీవీడీ ప్లస్ 6. బైనాన్స్ లాంటి ఎక్స్ఛేంజ్‌లు ప్రతి క్యాండిల్‌కూ మొత్తం వాల్యూమ్‌తో పాటు టేకర్లు కొన్న వాల్యూమ్ ఎంతో కూడా విడిగా ఇస్తాయి. కాబట్టి లెక్క సులువు:

```
delta = 2 × taker_buy_volume − volume
```

మన ఉదాహరణలో రెండు పదులు ఇరవై, అందులోంచి 14 తీసేస్తే 6. ఒక్కో క్యాండిల్ డెల్టాను ముందున్న మొత్తానికి కలుపుకుంటూ పోతే సీవీడీ గీత తయారవుతుంది.

ఈ గీతకు పర్పెచ్యువల్ ఫ్యూచర్స్‌లో ఎక్కువ పని ఉండటానికి కారణం ఆ కాంట్రాక్టు స్వభావమే. 2016లో బిట్‌మెక్స్ ఎక్స్ఛేంజ్ బిట్‌కాయిన్ మీద దీన్ని ప్రవేశపెట్టింది. మామూలు ఫ్యూచర్స్‌కు ఉండే గడువు తేదీ దీనికి లేదు. కాయిన్ చేతికి రాదు, ధర మీద పందెం మాత్రమే. పెరుగుతుందనుకుంటే లాంగ్, తగ్గుతుందనుకుంటే షార్ట్. కాంట్రాక్టు ధర అసలు కాయిన్ ధరకు దూరం జరగకుండా ఫండింగ్ అనే చెల్లింపు ఉంటుంది. ఫండింగ్ ప్లస్‌లో ఉంటే లాంగ్‌లు షార్ట్‌లకు కడతారు, మైనస్‌లో ఉంటే షార్ట్‌లు లాంగ్‌లకు కడతారు. కొంచెం సొమ్ము పెట్టి దానికి ఎన్నో రెట్ల పొజిషన్ తీసుకోవచ్చు కాబట్టి తొందరపాటు ఇక్కడ పెద్ద మొత్తాల్లో బయటపడుతుంది. పైగా ఇక్కడ కొన్న ప్రతివాడూ ఏదో ఒక రోజు అమ్మి బయటపడాల్సినవాడే.

కొత్తగా సీవీడీ చూసేవాళ్లలో చాలామంది గీత పైకి పోతే కొనాలని, కిందికి పోతే అమ్మాలని అనుకుంటారు. నా దృష్టిలో ఈ పనిముట్టును అంతకంటే తప్పుగా వాడటం కుదరదు. గీత చెప్పేది తొందర ఎంత ఉందో. ఆ తొందరకు ధర ఎంత కదిలిందో పక్కన పెట్టి చూసినప్పుడే దానికి అర్థం వస్తుంది. ఇది పట్టుబడటానికి ఒక మధ్యాహ్నాన్ని గంట గంటకూ ఊహించుకుందాం.

మొదటి గంటలో డెల్టా ప్లస్ 600 బిట్‌కాయిన్లు. ధర లక్ష నుంచి 1,01,000కి ఎక్కింది. తొందర ఉంది, దానికి తగ్గ కదలికా ఉంది. రెండో గంటలో డెల్టా ప్లస్ 650, అంటే ఇంకాస్త ఎక్కువే. ధర మాత్రం 1,01,200 దగ్గర ఆగింది. మూడో గంటలో ప్లస్ 700. ధర ఎక్కకపోగా 1,01,150కి దిగింది. సీవీడీ ఇప్పుడు 1,950. గీత ఒక్కటే చూస్తే మార్కెట్ ఊపు మీద ఉన్నట్టే కనిపిస్తుంది. ధర చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. 1,01,200 చుట్టూ ఎవరో లిమిట్ ఆర్డర్లు పెట్టుకుని, వచ్చినవాళ్లకు వచ్చినట్టు అమ్ముతున్నారు. అయిపోయిన చోట మళ్లీ పెడుతున్నారు. పెద్ద ఆర్డర్‌ను బుక్‌లో పూర్తిగా చూపకుండా కొద్దికొద్దిగా బయటపెట్టే పద్ధతులున్నాయి కాబట్టి ఆర్డర్ బుక్‌లో అది గోడలా కనిపించకపోవచ్చు. కొనుగోళ్లన్నీ అక్కడ ఇంకిపోతున్నాయని ధర, డెల్టా కలిసి చెబుతున్నాయి. ట్రేడర్లు దీన్ని అబ్జార్ప్షన్ అంటారు.

ఇక్కడ ఓపెన్ ఇంట్రెస్ట్ కూడా చూడాలి. అది ఇంకా మూసేయని కాంట్రాక్టుల మొత్తం. టేకర్ కొన్నాడని డెల్టా చెబుతుంది గానీ, కొత్త లాంగ్ తీసుకోవడానికి కొన్నాడో, పాత షార్ట్‌ను మూసేయడానికి కొన్నాడో చెప్పలేదు. రెండూ టేపు మీద ఒకేలా ఉంటాయి. మన ఉదాహరణలో ఓపెన్ ఇంట్రెస్ట్ ఆ మూడు గంటల్లో 90,000 నుంచి 91,800కి పెరిగిందనుకుందాం. అంటే ఎక్కువ భాగం కొత్త పొజిషన్లే. తొందరపడినవాళ్ల చేతిలో పై ధరకు కొన్న లాంగ్‌లు, ఓపికగా కూర్చున్నవాళ్ల చేతిలో షార్ట్‌లు.

నాలుగో గంటలో కొనేవాళ్ల ఊపిరి అయిపోయింది. ధర కాస్త జారగానే పైన కొన్నవాళ్ల స్టాప్‌లాస్‌లు తగిలాయి. వాళ్లు బయటపడటమంటే అమ్మడమే, అదీ మార్కెట్ ఆర్డర్‌తో. డెల్టా మైనస్ 1,400. ధర 99,300. ఓపెన్ ఇంట్రెస్ట్ తిరిగి 90,300. ఇప్పుడు మొత్తం చూడండి. సీవీడీ ఇంకా మొదలైన చోటికి 550 పైనే ఉంది. అంటే నాలుగు గంటల్లో తొందరపడి కొన్నది, తొందరపడి అమ్మినదాని కంటే ఎక్కువే. ధర మాత్రం మొదలైన చోటికి 700 డాలర్లు కింద ఉంది.

అబ్జార్ప్షన్ కనిపించిన ప్రతిసారీ ఇలాగే ముగుస్తుందని మాత్రం అనుకోకూడదు. అమ్మేవాడి సరుకు అయిపోయినా, అతను ఆర్డర్లు వెనక్కి తీసుకున్నా ధర ఒక్కసారిగా పైకి దూకుతుంది. అప్పుడు ఇరుక్కునేది షార్ట్‌లే. మూడో గంట చివర ఉన్నవాడికి ఈ రెండింటిలో ఏది జరగబోతోందో డెల్టా చెప్పదు. కొంత ఆధారం స్పాట్ మార్కెట్ ఇస్తుంది. అసలు కాయిన్‌ను డబ్బు పెట్టి కొనే స్పాట్ సీవీడీ కూడా పెరుగుతూ ఉంటే, కొనుగోలు అప్పు మీద నడుస్తున్న పందేలకే పరిమితం కాలేదన్నమాట. స్పాట్ గీత చదునుగా ఉండి పర్ప్ గీత ఒక్కటే ఎగబాకుతూ, ఫండింగ్ కూడా పెరుగుతూ ఉంటే ఆ ఎక్కుడు మీద నేను నమ్మకం పెట్టుకోను.

డెల్టా లెక్కలో టేకర్లంతా ఇష్టపడి వచ్చినవాళ్లు కారు. పర్ప్స్‌లో అసలు చిక్కు ఇదే. లాంగ్ తీసుకున్నవాడి మార్జిన్ సరిపోకపోతే ఎక్స్ఛేంజ్ అతని పొజిషన్‌ను బలవంతంగా అమ్మేస్తుంది. దీన్నే లిక్విడేషన్ అంటారు. ఆ అమ్మకం ఆర్డర్ బుక్‌లో కూర్చున్న కొనుగోలు ఆర్డర్లకు తగులుతుంది కాబట్టి డెల్టాలో దూకుడు అమ్మకంగానే నమోదవుతుంది. ధర పడుతుందని నమ్మి అమ్మినవాడూ, పెరుగుతుందని చివరిదాకా నమ్మి తుడిచిపెట్టుకుపోయినవాడూ ఒకే మైనస్‌లో కలిసిపోతారు. విడదీయాలంటే మళ్లీ ఓపెన్ ఇంట్రెస్టే దిక్కు. సీవీడీ కూలుతున్నప్పుడు అదీ నిట్టనిలువునా పడితే, పాతవాళ్లను తరిమేస్తున్నారు. సీవీడీ పడుతున్నా అది పెరుగుతుంటే, కొత్త షార్ట్‌లు వస్తున్నారు. మొదటిదాంట్లో అమ్మకానికి ఒక హద్దు ఉంది. తరమాల్సినవాళ్లు అయిపోతే అదీ ఆగిపోతుంది.

2025 అక్టోబర్ 10న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ చైనా సరుకులపై అదనంగా 100 శాతం సుంకం ప్రకటించినప్పుడు ఇది భారీ ఎత్తున జరిగింది. మనకు అప్పటికి 11వ తేదీ తెల్లవారుజాము. అంతకుముందు 1,22,000 డాలర్ల దరిదాపుల్లో తిరిగిన బిట్‌కాయిన్ 1,05,000 దాకా జారింది. కాయిన్‌గ్లాస్ లెక్క ప్రకారం 24 గంటల్లో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. అలాంటి నిమిషాల్లో లిమిట్ ఆర్డర్లు పెట్టేవాళ్లు తమ ఆర్డర్లను వెనక్కి లాక్కుంటారు. బుక్ ఖాళీ అవుతుంది. అప్పుడు కొద్దిపాటి అమ్మకం కూడా ధరను చాలా దూరం తోసేస్తుంది. మన మధ్యాహ్నపు ఉదాహరణకు ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ ఎంతో డెల్టాకు కదలిక లేదు, ఇక్కడ కొంచెం డెల్టాకే పెద్ద కదలిక.

అలాంటి రాత్రి గీత ఇంకొకటి కూడా దాచేస్తుంది. లిక్విడేట్ చేసిన పొజిషన్‌కు బుక్‌లో కొనేవాడు దొరకక, ఎక్స్ఛేంజ్ బీమా నిధి కూడా తట్టుకోలేకపోతే, లాభంలో ఉన్న షార్ట్‌లను బలవంతంగా మూసి ఆ లాంగ్‌లతో జత చేస్తారు. దీని పేరు ఆటో డీలెవరేజింగ్. ఆ రోజు పలు ఎక్స్ఛేంజ్‌ల్లో ఇది అమలైంది. ఈ సర్దుబాటు ఆర్డర్ బుక్ బయట జరుగుతుంది. ఓపెన్ ఇంట్రెస్ట్ పడిపోతుంది, డెల్టాలో మాత్రం దాని జాడ ఉండదు.

గీత ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి. ట్రేడింగ్‌వ్యూలోని సీవీడీ టేకర్ ఎవరో ట్రేడు ట్రేడుకూ చూడదు. చిన్న క్యాండిల్‌లను తీసుకుని, పైకి ముగిసినదాని వాల్యూమ్ అంతా కొనుగోలు అని, కిందికి ముగిసినదంతా అమ్మకం అని అంచనా కడుతుంది. అబ్జార్ప్షన్ పట్టుకోవాలనుకునేవాడికి ఇది నేరుగా దెబ్బ. మూడో గంటలాంటి సమయంలో టేకర్లు కొంటూనే ఉన్నా క్యాండిల్ కిందికి ముగుస్తుంది కాబట్టి, ఆ వాల్యూమ్ అమ్మకం ఖాతాలో పడిపోతుంది. అందుకే ఎక్స్ఛేంజ్ ఇచ్చే ట్రేడ్ డేటాతో లెక్కగట్టిన గీతనే తీసుకోవాలి. బైనాన్స్ ట్రేడ్ డేటాలో `m` అనే గుర్తు `true` అయితే కొన్నవాడు మేకర్, అంటే తొందర అమ్మినవాడిది. `false` అయితే తొందర కొన్నవాడిది.

గీత సున్నా ఎక్కడ మొదలైందన్నది చార్టు ఎక్కడి నుంచి తెరిచారన్న దాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి సీవీడీ 1,950 అన్న అంకెకు దానంతటదిగా విలువ లేదు, ఆ మూడు గంటల్లో ఎంత మారిందన్నదే లెక్క. నెలల తరబడి చూస్తే గీత ఒకవైపే వాలిపోయి ఉండొచ్చు కూడా. స్పాట్‌లో కాయిన్ కొని, ధర పడినా నష్టం రాకుండా పర్ప్‌లో షార్ట్ తీసుకునే సంస్థలు మార్కెట్ ఆర్డర్లతో ఆ షార్ట్‌లు తీసుకున్నప్పుడు, ధర పెరుగుతున్న రోజుల్లోనూ పర్ప్ సీవీడీ దిగుతుంది. ఓపికగా లిమిట్ ఆర్డర్లతో పోగుచేసుకునే పెద్ద కొనుగోలుదారు ఉన్నప్పుడూ అంతే. అతని కొనుగోలు ఏదీ ప్లస్‌గా పడదు, అతనికి అమ్మినవాళ్ల తొందరే మైనస్‌గా పడుతుంది.