నైరుతి ట్యాంకు నీడ ఎన్ని యూనిట్లు?

సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకుందామని అనుకున్న ప్రతి భవన యజమాని చేతికీ ముందుగా వచ్చేది ఒక కొటేషన్. అందులో ధర తర్వాత అందరి కళ్ళూ పడేది ఒక్క అంకె మీదే: ఏడాదికి ఎన్ని యూనిట్లు? కొందరు కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లంటారు, ఇంకొందరు అయిదంటారు. వంద కిలోవాట్ల ప్లాంటుకు ఆ ఒక్క యూనిట్ తేడా ఏడాది తిరిగేసరికి 36,500 యూనిట్లవుతుంది. పెట్టుబడి ఎన్నేళ్ళలో తిరిగొస్తుందన్నది దాన్నిబట్టే మారిపోతుంది. కాబట్టి ఆ అంకె ఎలా పుట్టిందో అడగాల్సిందే.

లెక్క అర్థం కావడానికి హైదరాబాదులో నాలుగంతస్తుల వాణిజ్య భవనం ఒకటి ఊహించుకుందాం. కింద దుకాణాలు, పైన ఆఫీసులు. డాబా మీద 550 వాట్ల ప్యానెళ్ళు 180 పట్టాయి. మొత్తం 99 కిలోవాట్లు. పద్దెనిమిదేసి ప్యానెళ్ళను ఒక వరుసగా కలిపి, అలాంటి పది స్ట్రింగులను ఇన్వర్టర్లకు ఇచ్చారు. ప్యానెళ్ళన్నీ దక్షిణానికి కొద్దిగా వాలి ఉన్నాయి.

హైదరాబాదులో అలా వాలిన తలం మీద చదరపు మీటరుకు ఏడాదికి పడే ఎండ సుమారు 2,000 యూనిట్లు. ప్యానెల్ మీద రాసిన 550 వాట్లు ప్రయోగశాల అంకె. చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురు పడుతూ, ప్యానెల్‌లోని సెల్ 25 డిగ్రీల చల్లదనంలో ఉంటే వచ్చేది అది. ఆ లెక్కన 2,000 యూనిట్ల ఎండ అంటే 2,000 గంటల నిండు ఎండతో సమానం. దాన్ని 99తో హెచ్చిస్తే 1,98,000 యూనిట్లు. ఏ నష్టమూ లేని ప్లాంటు ఇవ్వాల్సిన విద్యుత్తు ఇది. నిజంగా మీటరులో పడే యూనిట్లు ఇందులో ఎంత భాగమో చెప్పేదే పెర్ఫార్మెన్స్ రేషియో. ఇంజనీర్లు పొట్టిగా పీఆర్ అంటారు.

నష్టాల్లో మొదట చూడాల్సింది నీడ. మన దగ్గర దీనికొక ప్రత్యేకత ఉంది. వాస్తు ప్రకారం నైరుతి మూల ఎత్తుగా ఉండాలని చాలామంది ఓవర్‌హెడ్ ట్యాంకును అక్కడే కట్టిస్తారు. ప్యానెళ్ళ దృష్టితో చూస్తే డాబా మీద అంతకన్నా ఇబ్బందైన మూల ఇంకోటి లేదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వంగి తిరుగుతాడు, సాయంత్రానికి నైరుతి దిక్కున కిందికి దిగుతాడు. ట్యాంకు నీడ సరిగ్గా ఈశాన్యానికి, అంటే డాబా మధ్యలోకి సాగుతుంది.

ఎంత దూరం సాగుతుంది? మన భవనంలో ట్యాంకు ప్యానెళ్ళ మట్టం నుంచి నాలుగున్నర మీటర్ల ఎత్తుందనుకుందాం. డిసెంబరు 21న మధ్యాహ్నం మూడుంపావుకు హైదరాబాదులో సూర్యుడు దిగంతం నుంచి సుమారు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు నీడ దాదాపు ఎనిమిది మీటర్లు. గంట గడిచి నాలుగుంపావయ్యేసరికి సూర్యుడు 19 డిగ్రీలకు దిగుతాడు, నీడ పదమూడు మీటర్లు దాటుతుంది.

ఇదే డాబాను వేసవిలో సర్వే చేస్తే ఆ ఇబ్బంది కంటపడదు. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. పత్రికల్లో ఏటా జీరో షాడో డే అని చదివేది ఆ రోజు గురించే. మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో అలాంటి రోజు వస్తుంది. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. సాయంత్రం వాయవ్యానికి దిగుతాడు కాబట్టి నైరుతి ట్యాంకు నీడ ఆగ్నేయానికి, చాలావరకు భవనం బయటికే పోతుంది. మే నెలలో వచ్చి ఫొటోలు తీసుకుని ‘నీడ లేదు సార్’ అని వెళ్ళిన సర్వేయరు అబద్ధం చెప్పలేదు. ఆయన చూడాల్సింది డిసెంబరు నీడను, అది ఆ రోజు అక్కడ లేదు. అందుకే డాబా మీదున్న ప్రతి ఎత్తునూ, అంటే ట్యాంకును, మెట్ల గదిని, పిట్టగోడను, పక్క భవనాన్ని టేపుతో కొలిచి, పీవీసిస్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ కట్టి ఏడాది పొడవునా సూర్యుణ్ణి తిప్పి చూడాలి. ఆ త్రీడీ బొమ్మ కట్టకపోతే దగ్గరి వస్తువుల నీడ రిపోర్టులోకి రాదు. కొటేషన్‌తో పాటు వచ్చిన రిపోర్టులో భవనం బొమ్మ ఉందా లేదా అన్నది ఎవరైనా చూడగలిగిన పరీక్ష.

నీడ పడిన మేరకే నష్టం అనుకోవడం ఇంకో పొరపాటు. స్ట్రింగులో పద్దెనిమిది ప్యానెళ్ళ గుండా ఒకే కరెంటు ప్రవహిస్తుంది. ఒకే కాలువ మీద వరసగా ఉన్న తూముల్లో ఒకటి సగం మూసుకుంటే దిగువన అన్నిటికీ నీరు తగ్గినట్టు, ఒక్క ప్యానెల్ మీది నీడ మొత్తం వరుసను లాగేయగలదు. దాన్ని తప్పించడానికే ప్రతి ప్యానెల్‌లోనూ సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లుంటాయి. నీడలో ఉన్న మూడో వంతును పక్కకు తప్పించి కరెంటును ముందుకు పంపుతాయి. అయితే ఆ స్ట్రింగు వోల్టేజీ తగ్గుతుంది. ఎండలో ఉన్న మరో స్ట్రింగుతో దాన్ని ఇన్వర్టర్‌లో ఒకే ఇన్‌పుట్‌కు జత చేసి ఉంటే రెండూ నష్టపోతాయి. నీడ తప్పని ప్యానెళ్ళన్నిటినీ ఒకే స్ట్రింగులో పెట్టి, దానికి విడిగా ఒక ఇన్‌పుట్ ఇవ్వడం పైసా ఖర్చు లేని మందు.

మన భవనంలో ట్యాంకు, మెట్ల గది నీడల వల్ల మొదటి అమరికలో ఏడాది మీద 5 శాతం పోతుందనుకుందాం. 1,98,000లో మిగిలింది 1,88,100.

ఇక దుమ్ము. నీడలా ఇది స్థిరంగా ఉండదు, రోజురోజుకూ పేరుకుంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వానే కడిగిపెడుతుంది. నవంబరు నుంచి మే దాకా ఆ పని మనిషి చెయ్యాలి. పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నారా, ఎదుట రోడ్డు తవ్వి వదిలేశారా అన్నదాన్ని బట్టి దుమ్ము వేగం మారుతుంది. రోజుకు 0.3 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతోందనుకుంటే, నెలకోసారి కడిగితే సగటు నష్టం నాలుగున్నర శాతం, పదిహేను రోజులకోసారి కడిగితే అందులో సగం. మన ప్లాంటు ఎండాకాలంలో నెలకు 13,500 యూనిట్లిస్తుందనుకుంటే, ఆ రెండో కడుగుడు మిగిల్చేది నెలకు మూడు వందల యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయలనుకుంటే 2,700 రూపాయలు. కడిగేవాళ్ళకిచ్చే కూలి, నీళ్ళ ఖర్చు అంతకన్నా తక్కువైతేనే పదిహేను రోజుల పద్ధతి గిట్టుబాటు. ఈ లెక్క ఏ భవనానికాభవనం వేసుకోవాల్సిందే.

కడగడంలోనూ చెడగొట్టుకునే వీలుంది. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళు ఆరిపోయాక అద్దం మీద తెల్లటి పొర వదులుతాయి, ఏడాది గడిస్తే అది గుడ్డకు రాదు. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు కొట్టకూడదు. తెల్లవారుజామునే కడగాలి. ప్యానెల్‌ను మరీ చదునుగా పరిస్తే బురద నీళ్ళు కింది ఫ్రేము దగ్గర ఆగి గీతలా గట్టిపడతాయి. చూడ్డానికి అది వేలెడు వెడల్పే, కానీ ఒక వరుస సెల్స్‌ను కప్పేస్తే పైన చెప్పిన నీడ గొడవే మళ్ళీ మొదలవుతుంది. మన లెక్కలో దుమ్ముకు ఏడాది సగటున 4 శాతం తీసేద్దాం. మిగిలింది సుమారు 1,80,600.

అన్నిటికన్నా పెద్ద నష్టం మాత్రం వేడి. మే నెల మధ్యాహ్నం సెల్ 60 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ సాధారణ మోనో ప్యానెల్ 0.35 శాతం దాకా కోల్పోతుంది. అంటే ఆ క్షణంలో పన్నెండు శాతం. ఏడాది మొత్తానికి 9 శాతం అనుకుందాం. అద్దం మీద పరావర్తనం 2.5, ప్యానెళ్ళ మధ్య హెచ్చుతగ్గులకు 2.5, కేబుళ్ళలో 2, ఇన్వర్టర్‌లో 2.5, కరెంటు పోయినప్పుడూ మరమ్మతుల్లోనూ 1.5. కరెంటు పోతే గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ లైన్‌మన్ భద్రత కోసం తనంతట తానే ఆగిపోతుంది, ఎంత ఎండ కాస్తున్నా సరే.

ఈ శాతాలన్నీ కూడితే 29. కానీ ప్రతి నష్టమూ అంతకుముందు మిగిలిన దాంట్లోంచే పోతుంది కాబట్టి మొత్తం నష్టం 26 శాతం. మీటరులో పడేది సుమారు 1,47,000 యూనిట్లు, పీఆర్ 0.74. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల పైచిలుకు. రోజుకు అయిదు యూనిట్లన్న కొటేషన్ ప్రకారం ఇదే డాబా మీద పీఆర్ 0.91 రావాలి. వేడికి, ఇన్వర్టర్‌కు పోయేది తీసేస్తేనే 0.89కి దిగిపోతాం కాబట్టి అది సాధ్యం కాదు. ఎండ బాగా కాసే మార్చి రోజుల్లో అయిదు యూనిట్లు కనిపించవచ్చు, దాన్ని పట్టుకుని ఏడాదిని 365తో హెచ్చించకూడదు.

ట్యాంకు పక్కనున్న ప్యానెళ్ళను తూర్పు అంచున మిగిలిన చోటికి జరిపి, నీడ తప్పనివాటిని ఒకే స్ట్రింగులో కట్టి నీడ నష్టాన్ని 2 శాతానికి దించగలిగితే పీఆర్ 0.77కి దగ్గరవుతుంది. ఏడాదికి సుమారు 4,600 యూనిట్లు ఎక్కువ. తొమ్మిది రూపాయల లెక్కన నలభై వేలకు పైగా. ఆ మార్పు కాగితం మీద ఉన్నప్పుడు చేస్తే ఉచితం. ఫ్రేములు బిగించాక చేస్తే కాదు.

ప్లాంటు నడుస్తున్నప్పుడు అంచనా నిజమైందో లేదో చెప్పేదీ పీఆరే. ప్యానెళ్ళ వాలులోనే ఒక ఎండ కొలిచే సెన్సర్ బిగించి, నెలలో పడ్డ ఎండను కిలోవాట్లతో హెచ్చించి, మీటరు యూనిట్లను దాంతో భాగిస్తారు. మబ్బు పట్టిన నెలలో యూనిట్లు తగ్గుతాయి గానీ పీఆర్ పెద్దగా పడిపోదు, ఎందుకంటే సెన్సరుకూ అంతే ఎండ తగ్గింది. ఆ సెన్సర్ మీద కూడా దుమ్ము పట్టనిస్తే మాత్రం అది ఎండను తక్కువ చూపించి, పీఆర్‌ను లేని గొప్పకు పెంచేస్తుంది. ప్యానెళ్ళ కన్నా ముందు దాన్ని తుడవాలి.

చల్లదనం వల్ల డిసెంబరు, జనవరి పీఆర్ మే నెలదానికన్నా ఎక్కువుండాలి. అందుకే ఈ నెలను పోయిన నెలతో కాకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలి. చలికాలంలో పీఆర్ తగ్గుతోందంటే అనుమానించాల్సింది నీడనే. ఇన్వర్టర్ యాప్‌లో మబ్బులేని రోజు గ్రాఫు తీసి చూస్తే, నీడ ఉన్న స్ట్రింగు ప్రతిరోజూ ఇంచుమించు అదే వేళకు గంటు పడినట్టు కిందికి దిగుతుంది. దుమ్మైతే గంటు ఉండదు, ఉదయం నుంచి సాయంత్రం దాకా గ్రాఫు అంతా ఒకే పాళంలో కుంగి ఉంటుంది, ఒక్క మంచి వానకు లేస్తుంది. అనుమానం తీరకపోతే ఒక స్ట్రింగును కడిగి, పక్కదాన్ని అలాగే వదిలి, మర్నాడు మధ్యాహ్నం రెండింటి కరెంటునూ పోల్చడం చాలు. పడమట పక్క స్థలంలో కొత్తగా పిల్లర్లు లేస్తున్నాయేమో కూడా అప్పుడే ఒకసారి చూసుకోవాలి. అక్కడ అయిదంతస్తులు కడితే ఈ అంచనా అంతా మళ్ళీ మొదటినుంచి వెయ్యాలి.